ఎప్పుడూ సగం ధరే అయితే, అసలు ధర ఏది? బరంపురం పట్టుచీర మీద ఒక డిస్కౌంట్ లెక్క

మా పెద్దమ్మది ఒడిశాలోని బరంపురం. శ్రావణంలో మనవరాలి పెళ్లి ఉందని, పోయిన ఆషాఢంలో పట్టుచీరలు కొనడానికి నన్ను వెంట తీసుకెళ్లింది. ఊరంతా ఆఫర్ల బోర్డులే. ఒక పెద్ద షాపులో సేల్స్‌మన్ ఆకుపచ్చ చీర విప్పి చూపించాడు. "పద్నాలుగు వేల చీరమ్మా, ఆఫర్‌లో ఏడు వేలే. ప్యూర్ పట్టు." పెద్దమ్మ అంచు తడిమి చూసింది, కొంగు తిరగేసి చూసింది. "సంకురాత్రికీ ఇదే మాట చెప్పేరు కదా నాయనా. ఎప్పుడొచ్చినా సగానికిచ్చీ చీరకి అసలు ధర ఏటి? ఇంతకీ ఇది పట్టేనా?" అని అడిగింది.

ఆ కుర్రాడి దగ్గర జవాబు లేదు. మేం బయటికొచ్చి, తెలిసిన నేతవాళ్ల ఇంటికి వెళ్లాం. అక్కడ దాదాపు అలాంటి చీరే 9,500 చెప్పారు. ఒక్క రూపాయి తగ్గించలేదు. పెద్దమ్మ మారు మాట్లాడకుండా కొంది.

రెండున్నర వేలు ఎక్కువ పెట్టి ఆవిడ కొన్నది చీరతో పాటు ఒక భరోసా. షాపు ఏడు వేలకే ఇస్తానన్నా ఆ భరోసా ఇవ్వలేకపోయింది. నిజానికి ఆ చీర అచ్చమైన పట్టే అయి ఉండొచ్చు. అయినా నమ్మకం కుదరలేదు. ధర తగ్గించిన కొద్దీ "మా సరుకు నాణ్యమైనది" అన్న మాట ఎందుకు పలచబడుతుంది? ఎప్పుడు పలచబడుతుంది, ఎప్పుడు కాదు? వ్యాపారులూ, ఈ విషయం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసినవాళ్లూ ఏకాభిప్రాయంతో లేని ప్రశ్న ఇది. అందుకే మొదటి నుంచి చూద్దాం.

అప్పడానికీ పట్టుచీరకీ తేడా

ధర అంటే మన జేబులోంచి పోయే డబ్బు. అది ఒక పని. ధర చేసే రెండో పని సమాచారం ఇవ్వడం. వస్తువు ఎలాంటిదో మనకు తెలియనప్పుడు దాని ధరను బట్టి ఒక అంచనాకు వస్తాం. ఈ రెండో పని ఎంత బలంగా ఉంటుందన్నది వస్తువును బట్టి మారుతుంది.

బరంపురం పట్టుకే కాదు, అప్పడాలకూ పచ్చళ్లకూ కూడా పేరున్న ఊరు. అప్పడాల ప్యాకెట్ మీద పది రూపాయలు తగ్గిస్తే ఎవరికీ అనుమానం రాదు. సాయంత్రం నాలుగు అప్పడాలు వేయిస్తే సంగతి తేలిపోతుంది. బాగుంటే మళ్లీ కొంటాం, లేకపోతే లేదు. అక్కడ నాలుకే సాక్ష్యం, ధరతో పని లేదు.

పట్టుచీర అలా కాదు. షాపు లైట్ల కింద అచ్చమైన పట్టుకూ, మంచి పాలిస్టర్ కలిపిన నేతకూ తేడా చెప్పడం అలవాటున్న చేతికే సాధ్యం. జరీ సంగతి మరీ కష్టం. అసలు జరీ అంటే వెండి తీగను పట్టుదారం మీద చుట్టి బంగారు పూత పెట్టినది. దాని కింద రాగి తీగతో చేసే టెస్టెడ్ జరీ ఉంది. ఇంకా కిందికి వస్తే ప్లాస్టిక్ పొరతో చేసే జరీ ఉంది. కొత్తలో మూడూ మెరుస్తాయి. కొన్న చీర ఏ రకమో పదేళ్లు కట్టినా కొందరికి తెలియదు. కొన్నాక కూడా నాణ్యతను కొనుగోలుదారు తేల్చుకోలేని సరుకును ఆర్థికశాస్త్రంలో నమ్మకం మీద కొనే సరుకు అంటారు. పట్టు, బంగారం, తేనె, మందులు, కారు రిపేరు ఇలాంటివే.

ఇలాంటి సరుకులో "ఇది ప్యూర్" అన్నది అమ్మేవాడి మాట మాత్రమే. ఆ మాటకు కొనేవాళ్ల చేతిలో ఉండే సాక్ష్యాలు రెండో మూడో. అమ్మేవాడితో పాత పరిచయం, ఏదైనా ముద్ర, ఆ తరవాత ధర. పెద్ద షాపులో పరిచయం ఉండదు కాబట్టి ధర మీద బరువు ఎక్కువ పడుతుంది. ఇంత పెట్టి కొంటున్నాం కాబట్టి మంచిదే అయి ఉంటుందన్న లెక్క అది. షాపు తన చేత్తో తనే ధరను సగానికి కొట్టేస్తే, తన తరఫున నిలబడిన సాక్షిని తనే బయటికి పంపినట్టు అవుతుంది.

మనసులో ఉండే ధర ఎలా జారుతుంది

ఏ వస్తువు చూసినా ఇది ఇంత ఉండాలి అన్న ఒక అంకె మన లోపల ఉంటుంది. మార్కెటింగ్ పుస్తకాల్లో దీన్ని రిఫరెన్స్ ప్రైస్ అంటారు. మనం దీన్ని మనసులో ధర అందాం. బోర్డు మీది ధర దీనికంటే తక్కువైతే లాభపడ్డామని అనిపిస్తుంది. ఎక్కువైతే దోచుకుంటున్నారని అనిపిస్తుంది. వస్తువు వల్ల వచ్చే ఉపయోగం వేరు, బేరం వల్ల వచ్చే ఈ తృప్తి వేరు అని 1985లో రిచర్డ్ థేలర్ రాశారు. 2017లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

డిస్కౌంట్ పనిచేసేది ఈ రెండో తృప్తి మీదే. చిక్కు కూడా అక్కడే ఉంది. మనసులో ధర ఒకచోట ఆగదు. చూసిన ప్రతి ధరా దాన్ని తన వైపు కొంచెం లాగుతుంది.

ఒక లెక్క వేద్దాం. 10,000 రూపాయల చీర ఉంది. ఒక గృహిణి మనసులోనూ దాని ధర 10,000. షాపు 30 శాతం ఆఫర్ పెట్టింది, అంటే 7,000. కొత్త ధర కనబడ్డ ప్రతిసారీ ఆవిడ మనసులో ధర, ఆ రెంటికీ మధ్య దూరంలో పదింట మూడు వంతులు జారుతుందనుకుందాం. ఈ మూడు వంతులన్నది నేను లెక్క కోసం తీసుకున్నది. మనిషిని బట్టి, సరుకును బట్టి అది మారుతుంది. మొదటి ఆఫర్ చూశాక మనసులో ధర 9,100. రెండో ఆఫర్‌కి 8,470. మూడోదానికి 8,029. నాలుగోదానికి 7,720. సంక్రాంతి, ఉగాది, ఆషాఢం, దసరా అని నాలుగు ఆఫర్లు పెట్టేసరికి ఏడాది తిరక్కుండానే ఆవిడ దృష్టిలో ఆ చీర 7,720 రూపాయల చీర అయిపోయింది.

ఇప్పుడు కార్తీకంలో ఆవిడ షాపుకి వెళ్తే బోర్డు మీద మళ్లీ 10,000 ఉంది. షాపు యజమాని దృష్టిలో అది మామూలు ధర. ఆవిడ దృష్టిలో 2,280 రూపాయలు పెంచేశారు. పైగా ఏడు వేల ఆఫర్ పెట్టినా మునుపటి సంబరం లేదు. 7,720 చీర మీద 720 తగ్గడం పెద్ద విషయమా? మళ్లీ జనాన్ని కదిలించాలంటే 40 శాతం పెట్టాలి, ఆ తరవాత 50. బోర్డుల మీద అంకెలు ఏటేటా పెరుగుతూ పోవడానికి ఒక కారణం ఇదే.

ఇది ఊహాగానం కాదు. ఇళ్లలో తరచూ కొనే ఒక సరుకు విషయంలో ఎనిమిదేళ్లకు పైగా కొనుగోళ్ల వివరాలు తీసుకుని మేలా, గుప్తా, లేమన్ అనే పరిశోధకులు 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆఫర్లు పెరిగిన కొద్దీ జనం ధరను ఇంకా ఎక్కువ పట్టించుకోవడం మొదలుపెడతారని అందులో తేలింది. బ్రాండ్ మీద అంత పట్టు లేనివాళ్లలో ఈ మార్పు ఇంకా గట్టిగా కనబడింది.

"ఎందుకు తగ్గించారు?" అన్న ప్రశ్న

మనసులో ధర జారడం ఒక ఎత్తు. నాణ్యత మీద అనుమానం రావడం మరో ఎత్తు. రెండూ ఒకటి కావు. చవగ్గా దొరికే మంచి వస్తువు అన్న అభిప్రాయం కూడా ఉండొచ్చు కదా. అనుమానం ఎక్కడ మొదలవుతుందంటే, తగ్గింపుకు కారణం కనబడనప్పుడు.

ధర తగ్గినప్పుడు మనం తెలియకుండానే ఒక కారణం వెతుక్కుంటాం. గాంధీ జయంతికి ఖాదీ భండార్‌లో రిబేటు ఉంటే కారణం అందరికీ తెలుసు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, గిరాకీ తక్కువ, అందుకే చీరలు చవక. ఇది కూడా మన తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన కారణమే. మడతల దగ్గర రంగు పోయిన చీరలు ఓ మూల పెట్టి సగానికి అమ్మినా అర్థమవుతుంది. వీటిలో ఏదీ సరుకు నాసిరకమని చెప్పదు.

కానీ బరంపురం లాంటి ఊళ్లో రెండు క్యాలెండర్ల పండగలూ కలుస్తాయి. తెలుగువాళ్లకు ఆషాఢం ఆఫర్, ఒడియావాళ్లకు రజో పండగ ఆఫర్, అదే ఆషాఢంలో రథయాత్ర ఆఫర్, తరవాత శ్రావణం, దసరా, దీపావళి, సంక్రాంతి, ఉగాది. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర సరేసరి. ప్రతిదానికీ ఒక పేరు ఉంది. అన్నీ కలిపితే మాత్రం ఆఫర్ లేని నెల వేళ్ల మీద లెక్కపెట్టాలి. అప్పుడు ఏ పండగా కారణంలా అనిపించదు. మిగిలే కారణాలు రెండే. బోర్డు మీద ధర ముందే పెంచి రాశారు, లేదా సరుకులో ఏదో తగ్గించారు. పెద్దమ్మ అడిగిన రెండు ప్రశ్నలూ అచ్చంగా ఇవే.

ఇక్కడ పరిశోధనలు చెప్పే ఒక వింత కూడా చూడాలి. రఘుబీర్, కార్ఫ్‌మన్ అనే ఇద్దరు 1999లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇంకా వాడి చూడని బ్రాండ్ మీద ఆఫర్ దెబ్బకొట్టేది ముఖ్యంగా ఆ బ్రాండ్‌కి ఆఫర్ పెట్టే అలవాటు లేనప్పుడూ, ఆ రంగంలో ఎవరూ పెద్దగా ఆఫర్లు పెట్టనప్పుడూ. ఎప్పుడూ తగ్గించనివాడు హఠాత్తుగా తగ్గిస్తే ఏదో జరిగిందని అనుమానం. అందరూ ఎప్పుడూ తగ్గించేచోట ఒక ఆఫర్ చూసి కొత్తగా ఏమీ తెలియదు.

ఇది పైన చెప్పినదానికి ఎదురు మాటలా ఉంది. అయితే తరచూ ఆఫర్ పెడితే నష్టం లేదనా? నాకు అర్థమైనంతలో ఈ రెండూ వేర్వేరు నష్టాలు. ఒక్క ఆఫర్ మనకు ఒక కబురు చెబుతుంది. ఆ కబురు మంచిదో చెడ్డదో సందర్భాన్ని బట్టి ఉంటుంది. వందో ఆఫర్ ఏ కబురూ చెప్పదు. దాని ఫలితం మరోలా ఉంటుంది. బోర్డు మీది ధరకు ఇక అర్థం ఉండదు. ఆ ధర మీద ఆనుకుని నిలబడ్డ "ప్యూర్" అన్న మాటకు ఆసరా పోతుంది. పట్టులాంటి సరుకులో ఈ రెండోది ఎక్కువ బాధిస్తుంది. అప్పడాల్లో దీనివల్ల పెద్దగా అయ్యేదేమీ లేదు.

తగ్గింపు ధర అభిప్రాయాన్నే కాదు, అనుభవాన్ని కూడా మార్చగలదని ఇంకో ప్రయోగం చూపించింది. బాబా శివ్, జివ్ కార్మన్, డాన్ ఆరియెలీ 2005లో దాన్ని ప్రచురించారు. ఒకే ఎనర్జీ డ్రింక్‌ను కొందరికి మామూలు ధరకు, కొందరికి తగ్గింపు ధరకు ఇచ్చి, తరవాత మాటల పజిళ్లు విప్పమన్నారు. తగ్గింపు ధరకు తాగినవాళ్లు తక్కువ పజిళ్లు విప్పారు. డ్రింక్ ఒకటే, మారింది ధర ఒక్కటే. చీర విషయంలో ఇలాంటి ప్రయోగం నేను చూడలేదు కాబట్టి అంతవరకు సాగదీయను. కానీ ఆఫర్‌లో కొన్న చీరను పెళ్లిలో కట్టుకుని, ఎవరైనా ధర అడిగితే మాట తప్పించే ఆడవాళ్లను మా ఇంట్లోనే చూశాను.

షాపు నిండింది, లాభం ఎటు పోయింది?

షాపు యజమాని వైపు నుంచి కూడా చూడాలి. ఆఫర్ పెడితే జనం వస్తారు. కళ్లముందు గల్లాపెట్టె నిండుతుంది. అందుకే ఆఫర్ దెబ్బ తగిలినా కనబడదు. మళ్లీ లెక్క కోసం ఒక షాపును ఊహించుకుందాం.

చీర షాపుకి పడే ఖర్చు 6,000, అమ్మే ధర 10,000. చీరకు 4,000 మిగులు. అద్దె, జీతాలు, కరెంటు అన్నీ ఇందులోంచే. మామూలుగా నెలకు 40 చీరలు పోతాయి. మూడు నెలలకు 120 చీరలు, మిగులు 4,80,000.

ఇప్పుడు మధ్య నెలలో 30 శాతం ఆఫర్. ఆ నెల 90 చీరలు పోయాయి. రెట్టింపు కంటే ఎక్కువే, యజమానికి సంతోషం. కానీ ఆఫర్ వస్తుందని తెలిసి ముందు నెల కొందరు ఆగిపోయారు, 22 చీరలే పోయాయి. ఆఫర్‌లో కొనేసినవాళ్లు తరవాతి నెల రారు కాబట్టి అప్పుడు 24. మొత్తం 136 చీరలు. మామూలు కంటే 16 ఎక్కువ.

మిగులు చూస్తే కథ వేరు. ఆఫర్‌లో చీరకు మిగిలేది 1,000 మాత్రమే. ధర తగ్గింది 30 శాతం, మిగులు తగ్గింది నాలుగింట మూడు వంతులు. 90 చీరల మీద 90,000. ముందు, వెనక నెలల 46 చీరల మీద 1,84,000. మొత్తం 2,74,000. అంటే 16 చీరలు ఎక్కువ అమ్మి 2,06,000 తక్కువ సంపాదించాడు.

ఆఫర్ నెల అమ్మకాల్ని అంతకు ముందు నెలతో పోల్చేవాడికి ఇది కనబడదు. 22 నుంచి 90కి పెరిగింది కదా అనుకుంటాడు. ఆ 22 ఆఫర్ వల్లే 22 అయిందని గుర్తించడు. షాపు జబ్బు తెలియాలంటే ఏడాది మొత్తంలో పూర్తి ధరకు పోయిన చీరలు ఎన్ని అన్న అంకె చూడాలి. అది ఏటేటా తగ్గుతుంటే బోర్డు మీది ధరను కొనేవాళ్లు ఇక పట్టించుకోవడం లేదని అర్థం. ఇంకో గుర్తు కౌంటర్ దగ్గరే వినబడుతుంది. "ఈ చీరలో ఏ దారం వాడారు, ఎవరు నేశారు" అని అడిగేవాళ్లు తగ్గి, "మళ్లీ ఆఫర్ ఎప్పుడు" అని అడిగేవాళ్లు పెరుగుతారు.

ఇవతలి వైపు వాదన కూడా న్యాయమైనదే. పాత స్టాకు కదలకపోతే డబ్బు ఇరుక్కుపోతుంది, వడ్డీ పడుతుంది. 10,000 పెట్టి కొనలేని ఇల్లు కూడా ఆఫర్ వల్ల పట్టు కడుతుంది. విశాఖ మాల్స్ 50 శాతం బోర్డులు పెడుతుంటే బరంపురం షాపు ఒక్కటే బిగబట్టుకుని కూర్చోలేదు. ఈ ఒత్తిడి నిజమైనది.

అనుమానం నిజమయ్యే దారి

మిగులు వెయ్యికి పడిపోయినప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? దారులు రెండు. మొదటిది, బోర్డు మీద 14,000 రాసి 30 శాతం తగ్గించి 9,800కి అమ్మడం. ఇది నేతవాళ్ల వీధి పక్కనే ఉన్న ఊళ్లో ఎక్కువ కాలం నడవదు. అక్కడ అడిగితే ధర తెలిసిపోతుంది.

రెండోది ఖర్చు తగ్గించడం. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఈ భారం చివరికి మగ్గం మీద పడుతుంది. షాపు నేతవాడితో ఐదొందలు తగ్గించి ఇమ్మంటుంది. పట్టుదారం ధర అతని చేతిలో లేదు, కాబట్టి అతనికి కోసుకోవడానికి మిగిలేది తన కూలి. లేకపోతే కంటికి కనబడని చోట సరుకు మార్చాలి. జరీ ఒక మెట్టు దిగుతుంది. నిలువునా సాగే పడుగు పట్టే ఉంటుంది గానీ అడ్డంగా నేసే పేకలో వేరే దారం కలుస్తుంది. లేదా అదే డిజైన్ మగ్గం దాటి మరమగ్గానికి పోతుంది. అలా ఆఫర్ వల్ల పుట్టిన అనుమానం కొన్నాళ్లకు నిజమైపోతుంది. మొదట్లో షాపు చెప్పింది నిజమే, కొన్నవాళ్లే నమ్మలేదు. ఇప్పుడు వాళ్ల అనుమానమే సరైనది.

పట్టు పరీక్ష గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దారం తీసి కాలిస్తే అసలు పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. చాలామంది కొంగు చివర కుచ్చులోంచి దారం లాగి కాలుస్తారు. కానీ ఆ కుచ్చు దారాలు పడుగువి. పేకలో కలిపి ఉంటే కుచ్చు దారం పరీక్షలో పాసైపోతుంది, కొన్నవాళ్లు నిశ్చింతగా ఇంటికి వెళ్తారు. అడ్డంగా వెళ్లే దారం ఒకటి తీసి కాలిస్తేనే సంగతి తెలుస్తుంది. చీర పాడవుతుందని షాపులో దానికి ఎవరూ ఒప్పుకోరు. అందుకే ఇది చివరికి నమ్మకం మీద కొనే సరుకుగానే మిగులుతుంది.

ఆపేస్తే సరిపోతుందా? జె.సి. పెన్నీ అనుభవం

ఆఫర్లే సమస్య అయితే ఒక్కరోజులో మానేయొచ్చు కదా అనిపిస్తుంది. అమెరికాలోని జె.సి. పెన్నీ అనే పెద్ద దుస్తుల షాపుల సంస్థ 2012లో సరిగ్గా ఆ పనే చేసింది. అప్పటికి ఆ సంస్థ లెక్క ప్రకారమే నాలుగింట మూడొంతుల దాకా సరుకు సగం ధరకో, అంతకంటే తక్కువకో పోతోంది. ఆపిల్ షాపుల్ని నడిపిన రాన్ జాన్సన్ అధిపతిగా వచ్చి, కూపన్లూ వరస సేళ్లూ తీసేసి, మొదటి నుంచీ తక్కువ ధరే నిజాయితీగా రాద్దామన్నాడు. మాట సూటిగానే ఉంది. కానీ ఆ ఒక్క ఏడాదిలో అమ్మకాలు 1,726 కోట్ల డాలర్ల నుంచి దాదాపు 1,300 కోట్లకు, అంటే నాలుగో వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో జాన్సన్‌ను తప్పించారు, కూపన్లు మళ్లీ వచ్చాయి.

దీన్ని రెండు రకాలుగా చదువుతారు. జనానికి బేరం తృప్తి కావాలి, అది తీసేస్తే రారు, కాబట్టి ఆఫర్లు ఉండాల్సిందే అన్నది ఒక పక్షం. ఏళ్ల తరబడి అలవాటు చేసినవాళ్లను ఒక్క నెలలో మార్చబోయారు, తప్పు వేగానిది అన్నది రెండో పక్షం. అదే సమయంలో సరుకూ షాపుల రూపూ కూడా మార్చేశారు కాబట్టి ధర ఒక్కదాన్నే విడదీసి చెప్పడం కష్టం. నాకు మాత్రం రెండో వాదన దగ్గరగా అనిపిస్తుంది. అక్కడ తక్కువ ధర రాసి ఉన్నా జనానికి అది తక్కువలా అనిపించలేదు. పక్కన కొట్టేసిన పెద్ద అంకె లేదు కాబట్టి.

మన దేశంలోనూ దీనికి దగ్గరి ఉదాహరణ ఖాదీ. చాలాకాలం ప్రభుత్వం అమ్మకం మీద రిబేటు భరించేది. ఫలితంగా రిబేటు రోజుల్లోనే అమ్మకాలు పోగుపడేవి. 2010 ఏప్రిల్ నుంచి కేంద్రం దాని స్థానంలో ఉత్పత్తి విలువ మీద సాయం ఇచ్చే పద్ధతి తెచ్చింది. నూలు వడికేవాళ్లకూ నేసేవాళ్లకూ అందులో వాటా పెట్టింది. అయినా అక్టోబరు 2 వస్తుందంటే జనం ఇప్పటికీ ఖాదీ భండార్ వైపు చూస్తారు.

ధర కాకుండా వేరే సాక్షి ఉంటే

ధర ఒక్కటే సాక్షి అయినచోట డిస్కౌంట్ గట్టిగా తగులుతుంది. వేరే సాక్షి ఉన్నచోట అంతగా తగలదు. అందుకే ముద్రల సంగతి తెలుసుకోవడం అవసరం. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో సిల్క్ మార్క్ మొదలైంది. అది ఉన్న చీర అచ్చమైన పట్టు అని హామీ. నేసింది మగ్గం మీదా మరమగ్గం మీదా అన్నది అది చెప్పదు. జరీ ఏ రకమో కూడా చెప్పదు. బరంపురం పట్టుకు, అంటే ఫోడా కుంభ అనే నేత అంచు ఉన్న చీరకూ, జోడా అనే మగవాళ్ల పట్టుబట్టలకూ, 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఏ ప్రాంతపు నేత అన్నదానికి సంబంధించింది. ఒక్కో ముద్ర ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. సేల్స్‌మన్ ఏదో ఒక ముద్ర చూపించి అన్నిటికీ అదే జవాబన్నట్టు మాట్లాడితే అక్కడ జాగ్రత్తపడాలి.

కొట్టేసిన అంకె సంగతికి వస్తే, యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2022 మే నుంచి ఒక నియమం అమల్లో ఉంది. తగ్గింపు ప్రకటిస్తే, అంతకు ముందు కనీసం 30 రోజుల్లో అమ్మిన అతి తక్కువ ధరను పాత ధరగా చూపించాలి. మన దగ్గర తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2022 మార్గదర్శకాలు ఉన్నాయి. ప్యాకెట్ సరుకు మీద ఎమ్మార్పీ ఉంది. కానీ ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న గీత మాత్రమే. ఆ ధరకు ఎప్పుడైనా నిజంగా అమ్మారా అన్నది అది చెప్పదు.

జారినంత తొందరగా ఎక్కదు

మొదటి లెక్కలోని గృహిణి దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఆవిడ మనసులో ధర 7,720 దగ్గర ఉంది. షాపు ఆఫర్లన్నీ మానేసి 10,000కే అమ్ముతోందనుకుందాం. అదే పదింట మూడు వంతుల చొప్పున, ఆ ధర ఒకసారి చూశాక 8,404 అవుతుంది. రెండోసారికి 8,883. తరవాత 9,218, 9,453, ఐదోసారికి 9,617. దిగడానికి నాలుగుసార్లు పడితే, ఎక్కడానికి ఐదుసార్లు చూసినా ఇంకా దాదాపు నాలుగు వందలు తక్కువే.

లెక్కలో ఈ తేడా చిన్నదే. అసలు తేడా ఆ చూడడంలో ఉంది. ఆఫర్ ధరను చూడడానికి ఆవిడ షాపుకి వెళ్లనక్కర్లేదు. బస్టాండు గోడ మీద, ఆటో వెనక, పేపర్ మధ్యలో కరపత్రంలో, ఫోన్‌లో అది తనంత తనే వచ్చి కనబడుతుంది. పూర్తి ధరను ఎవరూ హోర్డింగు మీద రాయరు. అది చూడాలంటే ఆవిడ షాపు మెట్లెక్కి, చీర విప్పించి, చీటీ తిప్పి చూడాలి. పట్టుచీర కోసం ఏడాదికి ఒకసారో రెండుసార్లో వెళ్లే ఇంట్లో ఆ ఐదుసార్లు అయ్యేసరికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈలోపు పక్క షాపు బోర్డు మార్చకుండా ఉండాలి కూడా.

నేతవాళ్ల ఇంట్లో పెద్దమ్మ కొన్న చీర ధర పోయినేడు 9,500. ఈ ఏడు శ్రావణానికి కూడా అదే ధర చెప్పారట. "తగ్గించమని అడగలేదా?" అన్నాను. "తగ్గిస్తే నాకే అనుమానం వస్తాది" అంది.